x-అక్షం చుట్టూ తిప్పినప్పుడు: డిస్క్ పద్ధతా, షెల్ పద్ధతా, ఏది మేలు?

y = √x వక్రాన్ని x = 0 నుంచి x = 4 వరకు తీసుకుని, దానికీ x-అక్షానికీ మధ్య ఉన్న ప్రాంతాన్ని x-అక్షం చుట్టూ ఒక పూర్తి చుట్టు తిప్పితే, పక్కకు పడుకోబెట్టిన లోతైన గిన్నెలాంటి ఘనాకారం వస్తుంది. గిన్నె అంటే ఖాళీది కాదు, లోపలంతా నిండి ఉన్నది. దీని ఘనపరిమాణం కనుక్కోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి డిస్క్ పద్ధతి, రెండోది షెల్ పద్ధతి. రెండూ ఒకే జవాబు ఇస్తాయి. ఏ లెక్కకు ఏది తక్కువ శ్రమ, ఏది ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది అన్నదే చూడాల్సింది.

బీటెక్ మొదటి ఏడాది విద్యార్థులు చాలామంది దీన్ని ఒక్క వాక్యంలో గుర్తు పెట్టుకుంటారు: "x-అక్షం అయితే డిస్క్, y-అక్షం అయితే షెల్." చాలా లెక్కల్లో ఇది పనిచేస్తుంది కానీ, ఎందుకు పనిచేస్తుందో చెప్పదు. అసలు సంగతి అక్షంలో లేదు, ప్రాంతాన్ని మనం ఏ దిశలో సన్నని పట్టీలుగా కోశామన్నదాంట్లో ఉంది. x-అక్షానికి లంబంగా నిలబడిన పట్టీ తిరిగితే పలుచని డిస్క్ అవుతుంది. దాని వ్యాసార్థం y, మందం dx, కాబట్టి ఘనపరిమాణం πy² dx. x-అక్షానికి సమాంతరంగా పడుకున్న పట్టీ తిరిగితే డిస్క్ రాదు, పలుచని గొట్టం వస్తుంది. అదే షెల్. దాని చుట్టుకొలత 2πy, పొడవు ఆ పట్టీ పొడవు, మందం dy. అంటే x-అక్షం చుట్టూ తిప్పినప్పుడు డిస్క్‌కు dx, షెల్‌కు dy. y = f(x) అని ఇచ్చిన వక్రానికి dx సహజంగా కలిసొస్తుంది, అందుకే ఆ వాక్యం ఎక్కువసార్లు నిజమవుతుంది.

పై లెక్కను రెండు విధాలా చేద్దాం. డిస్క్‌లతో అయితే వ్యాసార్థం √x, దాని వర్గం x:

V = π ∫₀⁴ x dx = π · 16/2 = 8π

షెల్‌తో అయితే, ఎత్తు y దగ్గర పడుకున్న పట్టీ వక్రం మీద x = y² దగ్గర మొదలై x = 4 దగ్గర ముగుస్తుంది. పొడవు 4 − y². y విలువ 0 నుంచి 2 వరకు:

V = 2π ∫₀² y(4 − y²) dy = 2π (8 − 4) = 8π

జవాబు ఒకటే. అయినా మొదటిదాంట్లో వర్గం చేయగానే వర్గమూలం మాయమైంది, ఒక్క అడుగులో పని అయిపోయింది. రెండోదాంట్లో వక్రాన్ని తిరగరాయాలి, పట్టీ పొడవు ఆలోచించాలి, హద్దులు మార్చాలి. జవాబు సరైందేనా అని చూసుకోవడానికి ఒక మంచి దారి ఉంది. ఈ ఘనాన్ని సరిగ్గా పట్టే స్తూపం వ్యాసార్థం 2, పొడవు 4, ఘనపరిమాణం 16π. మనకు వచ్చింది అందులో సగం. పరావలయాన్ని దాని అక్షం చుట్టూ తిప్పితే వచ్చే ఘనం తనను పట్టే స్తూపంలో సగం ఉంటుందని ఆర్కిమెడిస్ కలనగణితం లేని కాలంలోనే నిరూపించాడు.

y = sin x ను 0 నుంచి π వరకు తిప్పమంటే తేడా ఇంకా పెరుగుతుంది. డిస్క్‌లతో π ∫ sin²x dx, వెంటనే π²/2. షెల్‌తో పోతే పట్టీ పొడవు π − 2 arcsin y అవుతుంది, ఆ సమాకలనం చేయడానికి ఇంకో అర పేజీ కావాలి. ఇలాంటి చోట షెల్ వైపు చూడాల్సిన పనే లేదు.

షెల్ పద్ధతిలో అసలు ప్రమాదం సమాకలనంలో ఉండదు, పట్టీ పొడవులో ఉంటుంది. అదే y = √x ను ఈసారి x = 1 నుంచి x = 4 వరకు మాత్రమే తీసుకోండి. డిస్క్‌లకు కింది హద్దు మారుతుంది, అంతే: π ∫₁⁴ x dx = 15π/2. షెల్‌కు మాత్రం ప్రాంతం రెండు ముక్కలవుతుంది. y విలువ 0 నుంచి 1 వరకు ఉన్నప్పుడు పట్టీ ఎడమ కొన వక్రం మీద లేదు, x = 1 అనే నిలువు గీత మీద ఉంది. అక్కడ పొడవు ఎప్పుడూ 3. y విలువ 1 దాటాక మాత్రమే పొడవు 4 − y². కాబట్టి:

V = 2π [ ∫₀¹ 3y dy + ∫₁² y(4 − y²) dy ] = 2π [ 3/2 + 9/4 ] = 15π/2

తొందరలో మొదటి ముక్క వదిలేసి రెండోదే రాస్తే 9π/2 వస్తుంది. సరైన జవాబుకు 3π తక్కువ. ఆ 3π ఏమిటో చూడండి: వ్యాసార్థం 1, పొడవు 3 ఉన్న స్తూపం. ఘనం మధ్యలోంచి ఒక కడ్డీని లాగేసినట్టే. షెల్ లెక్కలో జవాబు తగ్గినప్పుడు, తగ్గినంత మేర ఇలా ఒక స్తూపం అవుతుందేమో చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. బొమ్మ గీసి, కింది నుంచి పైకి వెళ్తూ పట్టీ ఎడమ కొన దేని మీద ఉందో, కుడి కొన దేని మీద ఉందో రాసుకోకుండా షెల్ మొదలుపెట్టకూడదని నేను గట్టిగా చెబుతాను.

డిస్క్ పద్ధతికీ ఒక గొయ్యి ఉంది. అది రెండు వక్రాల మధ్య ప్రాంతాన్ని తిప్పినప్పుడు కనబడుతుంది. y = x, y = x² మధ్య ప్రాంతాన్ని 0 నుంచి 1 వరకు తీసుకుందాం. నిలువు పట్టీ ఇప్పుడు అక్షాన్ని తాకదు, కాబట్టి తిరిగినప్పుడు మధ్యలో రంధ్రం ఉన్న డిస్క్, అంటే వాషర్ వస్తుంది. బయటి వ్యాసార్థం x, లోపలిది x². సరైన లెక్క:

V = π ∫₀¹ (x² − x⁴) dx = π (1/3 − 1/5) = 2π/15

చాలా జవాబు పత్రాల్లో కనబడేది మాత్రం π ∫ (x − x²)² dx. వ్యాసార్థాలను ముందు తీసివేసి తర్వాత వర్గం చేయడమన్నమాట. దాని విలువ π/30, సరైన దాంట్లో నాలుగో వంతు. ఈ తప్పు రాసినవాళ్లకు సమాకలనం రాదని కాదు, పట్టీ అక్షానికి దూరంగా ఉందన్న విషయం లెక్కలోకి రాలేదు. (x − x²)² అని రాస్తే ఆ పట్టీని కిందికి జరిపి అక్షం మీద నిలబెట్టి తిప్పినట్టు. అక్షానికి ఎంత దూరంగా ఉంటే అంత పెద్ద చుట్టు తిరుగుతుంది, అంత ఎక్కువ ఘనపరిమాణం వస్తుంది. సరిచూసుకోవడం తేలిక: y = x తిరిగితే శంకువు, దాని ఘనపరిమాణం π/3. y = x² తిరిగితే π/5. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 2π/15.

ఇదే లెక్క షెల్‌తో చేస్తే ఈ గొయ్యి ఉండదు. పడుకున్న పట్టీ x = y నుంచి x = √y వరకు ఉంటుంది, పొడవు √y − y. పొడవులను నేరుగా తీసివేయడం ఇక్కడ సరైనదే:

V = 2π ∫₀¹ y(√y − y) dy = 2π (2/5 − 1/3) = 2π/15

అందుకే రెండు వక్రాల లెక్కల్లో షెల్‌ను తోసిపుచ్చను. వర్గాల విషయంలో తడబడేవాళ్లకు, రెండు వక్రాలనూ y లో సులువుగా రాయగలిగితే, షెల్ భద్రమైన దారి. కనీసం డిస్క్ జవాబును సరిచూసుకోవడానికైనా వాడాలి, ఎందుకంటే ఒక పద్ధతిలో జరిగే పొరపాటు రెండోదాంట్లో సాధారణంగా జరగదు.

ఇప్పుడు షెల్ తప్పనిసరి అని అందరూ అనుకునే చోటికి వద్దాం. వక్రం x = y + y³ అని ఇచ్చారు, y విలువ 0 నుంచి 1 వరకు. x విలువ 0 నుంచి 2 వరకు వెళ్తుంది. ఈ వక్రానికీ x-అక్షానికీ మధ్య, x = 2 గీత దాకా ఉన్న ప్రాంతాన్ని తిప్పాలి. డిస్క్‌లు వేయాలంటే y ని x లో రాయాలి, అంటే ఘన సమీకరణం సాధించాలి. అది చూసి డిస్క్‌లు వదిలేసి షెల్‌కు వెళ్లిపోతారు:

V = 2π ∫₀¹ y(2 − y − y³) dy = 2π (1 − 1/3 − 1/5) = 14π/15

సరైన జవాబే. కానీ డిస్క్‌లను వదిలేయాల్సిన అవసరం లేదు. π ∫ y² dx లో y ని x లో రాయాలని ఎవరూ అనలేదు, dx నే y లో రాయొచ్చు. x = y + y³ కాబట్టి dx = (1 + 3y²) dy:

V = π ∫₀¹ y²(1 + 3y²) dy = π (1/3 + 3/5) = 14π/15

ఇది ప్రతిక్షేపణే, కొత్త పద్ధతి కాదు. డిస్క్‌లు అవే డిస్క్‌లు, వాటిని లెక్కపెట్టే చరరాశి మాత్రం మారింది. పట్టీ పొడవు ఆలోచించే పని కూడా లేదు. π ∫ y² dx మీద ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ వాడితే y²x అనే పదం ఒకటి, −∫ 2xy dy అనే పదం ఒకటి వస్తాయి. మన లెక్కలో మొదటిది పెద్ద స్తూపం 2π, రెండోది వక్రానికి ఎడమవైపున్న షెల్‌లు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే షెల్ సూత్రమే మిగులుతుంది. రెండు పద్ధతులూ ఒకే జవాబు ఇవ్వడం అందుకే.

కాబట్టి వక్రం x = g(y) రూపంలో ఉన్నంత మాత్రాన షెల్ గెలిచినట్టు కాదు. వక్రం మడత పడినప్పుడు మాత్రం అది నిజంగా ముందుంటుంది. x = y² − y³ ను y = 0 నుంచి 1 వరకు గీయండి. మూలబిందువు దగ్గర మొదలై కుడికి వెళ్లి, y = 2/3 దగ్గర x = 4/27 దాకా చేరి, మళ్లీ వెనక్కి తిరిగి y-అక్షాన్ని తాకుతుంది. ఈ మడతకూ y-అక్షానికీ మధ్య ప్రాంతం తిరిగితే వాషర్‌లు వస్తాయి, బయటి వ్యాసార్థానికీ లోపలి వ్యాసార్థానికీ రెండింటికీ ఘన సమీకరణమే దిక్కు. షెల్‌తో ఒక్క గీత:

V = 2π ∫₀¹ y(y² − y³) dy = 2π (1/4 − 1/5) = π/10

ఇక్కడా dx ను మార్చి డిస్క్‌లు వాడొచ్చు. π ∫₀¹ y²(2y − 3y²) dy చేస్తే −π/10 వస్తుంది. రుణ గుర్తు తప్పు వల్ల వచ్చింది కాదు. వక్రం వెంట పైకి వెళ్తుంటే y = 2/3 వరకు x పెరుగుతూ లోపలి డిస్క్‌లను కలుపుతుంది, తర్వాత x తగ్గుతూ బయటి డిస్క్‌లను తీసేస్తుంది. అంటే మనం లెక్కించింది లోపలిది మైనస్ బయటిది. గుర్తు మారిస్తే చాలు. ఈ సంగతి బాగా అర్థమైనవాళ్లు ఎలా చేసినా ఒకటే. పరీక్షలో టైమ్ తక్కువగా ఉండి, గుర్తు గురించి టెన్షన్ పడేవాళ్లయితే ఈ ఒక్క రకం లెక్కకు షెల్‌నే ఎంచుకోండి.