క్లౌడ్ ప్లస్ ఒకటి, ఏడబ్ల్యూఎస్ ఒకటి: రెండూ రాసినవాడి అనుభవం

2021లో అమీర్‌పేట హాస్టల్లో ఉండి క్లౌడ్ ఉద్యోగానికి తయారవుతూ ముందుగా కాంప్‌టియా క్లౌడ్ ప్లస్ సర్టిఫికెట్ పరీక్ష రాశాను. అది ఏ ఒక్క కంపెనీ క్లౌడ్‌కీ సంబంధించింది కాదు కదా, రేపు దేని మీద పని దొరికినా పనికొస్తుందనుకున్నాను. 2022 చివర్లో అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌ది సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ రాశాను. రెండింటికీ గడువు మూడేళ్లే. మొదటిదాన్ని 2024లో వదిలేశాను, రెండోదాన్ని 2025లో మళ్లీ రాశాను. అలాగని మొదటిది దండగ అనను. ఎందుకో చెప్పాలంటే ఒక ఇంటర్వ్యూ సంగతి చెప్పాలి.

క్లౌడ్ ప్లస్ ఒక్కటే చేతిలో ఉన్న రోజుల్లో మాదాపూర్‌లో ఒక కంపెనీవాళ్లు పిలిచారు. రెజ్యూమె చూసి ఇంటర్వ్యూ చేసినాయన అడిగిన మొదటి మాట "ఏడబ్ల్యూఎస్ ఏదీ లేదా?" అని. తర్వాత ఈ ప్రశ్న వేశారు. పబ్లిక్ సబ్‌నెట్‌లో ఒక వెబ్ సర్వర్ ఉంది. ఆ సర్వర్‌కు ఫైర్‌వాల్‌గా ఉండే సెక్యూరిటీ గ్రూప్‌లో 443 పోర్టు లోపలికి తెరిచే ఉంది. సబ్‌నెట్ మొత్తానికీ ఫైర్‌వాల్‌గా ఉండే నెట్‌వర్క్ ఏసీఎల్‌లో లోపలికీ బయటికీ 443 మాత్రమే వదిలారు. బ్రౌజర్ తిరుగుతూనే ఉంటుంది, పేజీ రాదు. ఎందుకు?

దీనికి జవాబు నాకు క్లౌడ్ ప్లస్ చదువులోనే దొరికింది. సర్వర్ జవాబు పంపేది బ్రౌజర్ వైపు 443కి కాదు, ఆ కనెక్షన్ కోసం బ్రౌజర్ ఎంచుకున్న ఏదో పెద్ద నంబరు పోర్టుకి. సెక్యూరిటీ గ్రూప్‌లా లోపలికొచ్చిన కనెక్షన్‌ను గుర్తుపెట్టుకునే ఫైర్‌వాల్ అయితే దాని జవాబును తనే వదిలేస్తుంది. నెట్‌వర్క్ ఏసీఎల్‌లా గుర్తుపెట్టుకోనిదైతే బయటికి వేరే రూల్ రాయాలి. ఇక్కడ 1024 నుంచి 65535 దాకా బయటికి తెరవాలి. అంతవరకు బాగానే చెప్పాను. "సరే, అదే కారణమని ఎలా తేలుస్తావు?" అన్నారు. నోరు పెగల్లేదు. ఏడబ్ల్యూఎస్ కన్సోల్ అప్పటికి సరిగ్గా తెరిచి చూసిందే లేదు.

ఆ రెండో ప్రశ్నకు జవాబు తర్వాత ఏడబ్ల్యూఎస్ కోసం చదువుతూ నా చేత్తో నేనే చేసి చూశాను. వచ్చీపోయే ట్రాఫిక్‌ను రాసిపెట్టే వీపీసీ ఫ్లో లాగ్స్ ఆన్ చేసి, ఎవరి నుంచి, ఎవరికి, ఏ పోర్టు నుంచి, ఏ పోర్టుకి, వదిలిందా ఆపిందా అన్న కాలమ్‌లు పెట్టుకుంటే ఇలా కనిపిస్తుంది:

```
203.0.113.12 10.0.1.25 51514 443 ACCEPT
10.0.1.25 203.0.113.12 443 51514 REJECT
```

రావడం వచ్చింది, జవాబే గుమ్మం దాటలేదు. మొదటి లైనే REJECT అయ్యుంటే లోపలికొచ్చే రూల్స్‌లో వెతకాలి.

అయితే ఈ పని చేయకుండా కూడా ఏడబ్ల్యూఎస్ పరీక్ష పాసవొచ్చు. అదే దాని పెద్ద లోపం. 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, అన్నీ ఆప్షన్లలో గుర్తు పెట్టేవే, 1000కి 720 వస్తే చాలు. వాట్సాప్‌లో తిరిగే డంప్స్, అంటే పరీక్ష ప్రశ్నలూ జవాబులూ, బట్టీ పట్టి పాసైన మా హాస్టల్ కుర్రాళ్లు ఇద్దరు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోయారు. క్లౌడ్ ప్లస్‌లో చేసి చూపించే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. కాకపోతే నేను రాసిన వెర్షన్‌కు రెండు మూడేళ్ల సిస్టమ్ అడ్మిన్ లేదా నెట్‌వర్కింగ్ అనుభవం ఉంటే మంచిదని వాళ్లే రాశారు. ఫీజు కట్టాక చూశానది!

ప్రాక్టీసుకూ ఖర్చుంది. 2022 సంక్రాంతికి ఊరెళ్తూ ప్రాక్టీసు కోసం వర్జీనియా రీజియన్‌లో పెట్టిన నాట్ గేట్‌వే, అంటే ప్రైవేట్ సర్వర్లను ఇంటర్నెట్‌కి పంపేది, తీసేయడం మర్చిపోయాను. దాని గుండా డేటా ఏమీ వెళ్లకపోయినా అది గంటకు 0.045 డాలర్లు లాగుతుంది. పదిహేను రోజులకు పదహారు డాలర్లు. పిండివంటల రుచి ఆ బిల్లుతో దిగిపోయింది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మా క్లయింట్ మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌కి మారాడు. టీమ్‌లో కొందరు సెక్యూరిటీ గ్రూప్ ఎక్కడుందని వెతుక్కుంటుంటే నేను అడిగింది ఒకటే: ఇక్కడి ఫైర్‌వాల్ కనెక్షన్‌ను గుర్తుపెట్టుకుంటుందా? అజూర్‌లో నెట్‌వర్క్ సెక్యూరిటీ గ్రూప్ గుర్తుపెట్టుకుంటుంది, సబ్‌నెట్‌కు తగిలించినా సరే. కాబట్టి పెద్ద పోర్టుల గొడవ లేదు. కానీ ఏడబ్ల్యూఎస్ సెక్యూరిటీ గ్రూప్‌లో లేని డినై రూల్స్ ఇందులో ఉంటాయి, చిన్న నంబరున్న రూల్ ముందు పనిచేస్తుంది. క్లౌడ్ ప్లస్ చదువు నాకు తిరిగిచ్చింది ఇక్కడ. సర్టిఫికెట్ కాదు, చదువు.

మొన్న మా పిన్ని కొడుకు బీటెక్ అయ్యి కూకట్‌పల్లిలో దిగాడు. "అన్నా, ఏది ముందు?" అన్నాడు. క్లౌడ్ ప్లస్ సిలబస్ దించుకుని నెట్‌వర్కింగ్, స్టోరేజ్, బ్యాకప్ భాగాలు నెల రోజులు చదవమన్నాను, దాని పరీక్ష ఫీజు మాత్రం కట్టొద్దన్నాను. ఆ డబ్బు అసోసియేట్ పరీక్షకు పెట్టుకోమన్నాను, దాని ఫీజు 150 డాలర్లు. ముందు బిల్లు అలారం పెట్టుకుని, ఆ 443 ప్రశ్నలోని సెటప్‌ను తనే పాడుచేసి తనే బాగుచేసి లాగ్ నాకు పంపమన్నాను. ఇంకా పంపలేదు.