వ్యాఖ్యాన వీడియో: నడుస్తున్న దృశ్యం మీద మాట్లాడటం మేలా, ఆపి మాట్లాడటం మేలా?

చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో మహాభారత ఉత్సవాలు జరిగే రోజుల్లో అర్జునుడి తపస్సు ఘట్టానికి జనం విరగబడి వస్తారు. అర్జున వేషధారి పద్యాలు పాడుతూ ఎత్తయిన తపసు మాను ఎక్కుతాడు. సంతానం కోరే స్త్రీలు తడిబట్టలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అతడు విసిరే నిమ్మకాయల కోసం కింద కొంగులు పడతారు. ఆ ఘట్టంలో పద్యానికీ ఎక్కడానికీ ఉన్న లయను వివరిస్తూ తొమ్మిది నిమిషాల వీడియో చేయాలని తిరుపతిలో ఉన్న నేను అనుకున్నాను. నేను స్వయంగా తీసిన దృశ్యాలు లేవు కనుక, చిత్తూరు దగ్గరి ఒక యువకుడు తీసిన పద్దెనిమిది నిమిషాల వీడియో మీద ఆధారపడ్డాను.

ఇటువంటి పనికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది, ఎదుటివారి దృశ్యాన్ని ఆగకుండా నడుపుతూ, దాని ధ్వని తగ్గించి, పైన మన గొంతు వేయడం. రెండవది, చిన్న ముక్కను దాని సొంత ధ్వనితో వినిపించి, ఆపి, ఆగిన చిత్రం మీదో మన సొంత చిత్రం మీదో వ్యాఖ్యానం చెప్పి, మళ్లీ తర్వాతి ముక్కకు వెళ్లడం.

మొదటి దారి సులభమైనది కనుక నేను తొలి ప్రతిని అలాగే చేశాను. మర్యాదగా దాన్ని ఆ యువకుడికి పంపితే, అతడు ఫోన్ చేసి ఒకే మాట అడిగాడు: "అన్నా, నా వీడియో అంతా మీ గొంతు కిందే ఆడతా ఉంది గదా, ఇంక నా దాన్ని ఎవరు చూస్తారు?" ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. అతడికి తెలియకపోయినా, న్యాయస్థానాలు అడిగే ప్రశ్నల్లో అదొకటి.

మన కాపీరైటు చట్టం, 1957లోని 52వ సెక్షన్ విమర్శ, సమీక్షల కోసం ఇతరుల రచనను న్యాయంగా వాడుకోవడాన్ని అనుమతిస్తుంది; అయితే ఇన్ని సెకన్లు, ఇంత శాతం అన్న కొలత అందులో లేదు. "పది సెకన్ల లోపు అయితే పరవాలేదు" అని అందరూ చెప్పుకునే మాటకు ఆధారం లేదు. ఒక నాటకాన్ని విమర్శిస్తూ రాసిన ప్రతినాటకం గురించి 1996లో కేరళ హైకోర్టు తీర్పు చెబుతూ మూడు విషయాలు చూడాలన్నది: వ్యాఖ్యతో పోల్చితే తీసుకున్న భాగం పరిమాణమూ విలువా ఎంత; ఏ ఉద్దేశంతో తీసుకున్నారు; రెండు రచనల మధ్య పోటీ ఏర్పడే అవకాశం ఉందా. అమెరికాలో 2017లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ముందుకు వచ్చిన కేసు మన విషయానికి మరీ దగ్గరిది. అక్కడ సుమారు పద్నాలుగు నిమిషాల విమర్శ వీడియోలో, 5 నిమిషాల 24 సెకన్ల అసలు వీడియో నుంచి 3 నిమిషాల 15 సెకన్లు వాడారు. సగానికి మించి తీసుకున్నా, ముక్కముక్కకూ మధ్య విమర్శ ఉన్నందున అది న్యాయమైన వాడకమేనని కోర్టు తేల్చింది. అయితే వ్యాఖ్య లేకుండా పదిమంది కూర్చుని సినిమా చూసినట్టుండే వీడియోలు వేరని కూడా ఆ తీర్పే చెప్పింది. అక్కడి తీర్పు ఇక్కడి కోర్టులను కట్టిపడేయదు; అయినా రెండు పద్ధతుల మధ్య తేడా ఎక్కడుందో అది స్పష్టంగా చూపిస్తుంది.

రెండవసారి నేను వ్యాఖ్యానం ముందు రాసుకున్నాను. ప్రతి పేరా పక్కన "ఈ వాక్యం నమ్మాలంటే ప్రేక్షకుడు ఏం చూడాలి?" అని రాసుకుని, ఆ జవాబుకు సరిపోయే దృశ్యాన్ని మాత్రమే వెతికాను. ఏడు క్లిప్పులు తేలాయి; అన్నిటికన్నా చిన్నది ఎనిమిది సెకన్లు, పెద్దది ఇరవై, మొత్తం తొంభై సెకన్లు. నిమ్మకాయలు విసిరే ఘట్టం పూర్తిగా చూపితే అసలు వీడియోకు ఆయువుపట్టు మన చేతిలోకి వచ్చినట్టే కనుక, మొదటి విసురు దగ్గరే ఆపాను.

ఆపడంలో మెళకువ ఉంది. క్లిప్పు చివరి ఫ్రేమ్‌ను అలాగే నిలిపితే చాలాసార్లు చెయ్యి కదలిక వల్ల చిత్రం మసకగా ఉంటుంది. మూడు నాలుగు ఫ్రేములు వెనక్కి జరిపితే కాలు మెట్టు మీద ఆనిన స్పష్టమైన చిత్రం దొరుకుతుంది. ధ్వనిని టక్కున కోయకుండా అర సెకను పాటు తగ్గించి, ఆ తర్వాత ఒక్క క్షణం నిశ్శబ్దం ఉంచి, చిత్రాన్ని కొంచెం చీకటి చేస్తే, ఇకపై మాట్లాడేది వేరొకరని ప్రేక్షకుడికి చెప్పకుండానే తెలుస్తుంది. అయితే నిలిపిన ఫ్రేము కూడా అతడి పనే. తొంభై సెకన్ల క్లిప్పులు వాడి, మిగిలిన సమయమంతా అతడి నిలిపిన చిత్రాలతోనే నింపితే వాడకం తగ్గినట్టు కాదు. అందుకే ఒక్కో ఫ్రేమును పది సెకన్లకు మించి ఉంచకుండా, మాను కట్టే తీరును నేను కాగితం మీద గీసిన బొమ్మలతో మిగతా వివరణ నడిపాను.

మాటలను ఉటంకించేటప్పుడు న్యాయం ఇంకా సున్నితమైనది. ఆ వీడియోలో ఒక వృద్ధ నటుడు "ఇప్పుడు ఎవురు చూస్తా ఉండారు నాయనా" అని, ఊపిరి పీల్చుకుని, "అయినా తపసు నాటికి మాత్రం చోటు దొరకదు" అంటాడు. మొదటి వాక్యం దగ్గర కోస్తే నా వాదనకు బలం వచ్చేది, ఆయన మాట మాత్రం తలకిందులయ్యేది. నాలుగు సెకన్లు పెరిగినా రెండో వాక్యాన్ని ఉంచాను.

ఇంతా చెప్పినా, మొదటి దారికి ఒక చోట పై చేయి ఉంది. మైకుసెట్టులో సినిమా పాట వినిపించే దృశ్యమైతే, తీసినవారు అనుమతి ఇచ్చినా ఆ పాట హక్కు వారిది కాదు. యూట్యూబ్‌లోని Content ID ఆ పాటను గుర్తుపట్టి వీడియో మీద క్లెయిమ్ వేయవచ్చు. అక్కడ దృశ్యం ధ్వనిని పూర్తిగా తీసేసి, నడుస్తున్న చిత్రం మీదే మాట్లాడటం మేలు. నా ఏడు క్లిప్పుల్లో ఒకదానికి అలాగే చేశాను.

పేరు ఎక్కడ వేయాలన్న విషయంలో నాకు సందేహం లేదు. వివరణ పెట్టెలో లింకు తప్పక ఉండాలి, కానీ దాన్ని తెరిచేవారు తక్కువ. తెర మీద, ప్రతి క్లిప్పు కనిపించినంతసేపూ, "దృశ్యం:" అని చానెల్ పేరు, ప్రచురించిన తేదీ ఉండాలి. ప్లేయర్ బటన్లు, సబ్‌టైటిళ్లు కప్పే అట్టడుగు భాగాన్ని వదిలి ఎడమ పైమూలలో వేసి, ఫోన్‌లో చేతి దూరం నుంచి చదవగలనో లేదో చూసుకున్నాను. అతడి వాటర్‌మార్కును కత్తిరించలేదు. అయితే పేరు వేసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు, పేరు వేయకపోతే మాత్రం విమర్శ అన్న వాదనే పలచబడుతుంది.

రెండో ప్రతి చూసి ఆ యువకుడు ఒక్క మార్పే అడిగాడు: కెమెరా తనదే అయినా పద్యం పాడింది నాటక బృందం కనుక వాళ్ల పేరు కూడా పడాలని. పద్యం వినిపించే మూడు క్లిప్పుల మీద ఇప్పుడు అది రెండో పంక్తిగా ఉంది.