సింకు ట్యాపు జాయింట్లకు ఏది మేలు: టేపా, నారా, వాషరా?

సింకు కింద నీళ్లు కారితే చాలామంది ముందు అడిగేది టెఫ్లాన్ టేపు. అది చవకైనదే, మంచిదే. కానీ అన్ని జాయింట్లూ టేపుతో ఆగవు. కొన్నిచోట్ల టేపు చుట్టడం వల్లే కారుతుంది. కాబట్టి ఏది కొనాలో తేల్చుకునే ముందు, ఆ జాయింటులో నీళ్లను ఆపుతున్నది స్క్రూలాంటి మరలా, రబ్బరు వాషరా అన్నది చూడాలి.

మా పిన్ని వాళ్ల ఫ్లాట్ సంగతి చూడండి. సింకు మీద హంస మెడలా వంగిన ట్యాపు, కింద గోడకు నీళ్లు కట్టేసే చిన్న యాంగిల్ కాక్, రెండింటి మధ్య ఒక కనెక్షన్ పైపు. అన్నీ అర అంగుళం సైజువే. ఇక్కడ ఉన్నవి మూడు జాయింట్లు. మొదటిది గోడలోని ఎల్బో అనే వంపు ముక్కలోకి యాంగిల్ కాక్ బిగిసే చోటు. రెండోది యాంగిల్ కాక్ నోటికి పైపు నట్టు బిగిసే చోటు. మూడోది పైపు రెండో కొస ట్యాపు కాడకు ఎక్కే చోటు. టేపు కావాల్సింది మొదటిదానికి మాత్రమే. మిగిలిన రెండు చోట్లా నట్టు లోపల రబ్బరు వాషరు ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ ఆ వాషరు యాంగిల్ కాక్ లేదా ట్యాపు కాడ అంచుకు నొక్కుకుని నీళ్లను ఆపుతుంది. అక్కడ మరల పని నట్టును పట్టి ఉంచడం వరకే.

వాళ్లింట్లో కారుతున్నది రెండో జాయింటు. వచ్చిన ప్లంబరు అక్కడ టేపు చుట్టి బిగించాడు. రెండు రోజులకు మళ్లీ తడి. ఇంకా ఎక్కువ టేపు చుట్టి వెళ్లాడు, అయినా ఆగలేదు. మందంగా పేరుకున్న టేపుకు నట్టు మధ్యలోనే బిగుసుకుపోయింది. చేతికి గట్టిగానే తగులుతుంది, కానీ లోపల వాషరు అంచును పూర్తిగా తాకలేదు. టేపంతా గీకేసి, గట్టిపడిన పాత వాషరు తీసి కొత్తది వేసి, నట్టును చేత్తో పూర్తిగా తిప్పి, స్పానరుతో ఇంకో పావు చుట్టు బిగిస్తే కారడం ఆగిపోయింది. అంతకంటే బలం పెడితే వాషరు నలిగి పక్కకు జారుతుంది. వేడి, చల్లని నీళ్లు రెండూ వచ్చే మిక్సర్లలో పైపుల సన్న కొసలు నేరుగా ట్యాపు అడుగులోకి ఎక్కుతాయి. వాటికి చిన్న రబ్బరు రింగు ఉంటుంది కాబట్టి అక్కడా టేపు వద్దు, చేతి బిగువు చాలు.

ఇక మరలే నీళ్లను ఆపాల్సిన మొదటి జాయింటు దగ్గరే టేపు మేలా, నార మేలా అన్న ప్రశ్న వస్తుంది.

కొత్త ఇళ్లలో సీపీవీసీ ప్లాస్టిక్ పైపు చివర ఇత్తడి మరలున్న ఎల్బో ఉంటుంది. మరలు శుభ్రంగా ఉంటాయి కాబట్టి అక్కడ నా ఓటు టేపుకే. చుట్టే పద్ధతి సరిగ్గా ఉండాలి. యాంగిల్ కాక్ మరల కొసను మీ వైపు తిప్పి పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కులో చుట్టండి. ఎదురు దిక్కులో చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి గుత్తిలా పోగవుతుంది. కొసన ఉన్న మర ఒకటి ఖాళీగా వదిలేయాలి, లేకపోతే టేపు ముక్కలు నీళ్లలో కొట్టుకుపోయి ట్యాపు మూతిలోని జాలీకి అడ్డం పడతాయి. టేపును లాగి పట్టి, మరల ఆకారం పైకి కనబడేలా చుట్టాలి. మన కొట్లలో దొరికే సన్న తెల్ల టేపు చాలా పలుచన, రెండు మూడు చుట్లతో ఏమీ కాదు. ఎనిమిది నుంచి పన్నెండు చుట్లు పడతాయి. ఎల్బో మరలు కూడా ప్లాస్టిక్‌వే అయితే మాత్రం తక్కువ చుట్టి నెమ్మదిగా బిగించండి. మందమైన టేపు మీద బలం పెడితే ఎల్బో చీలుతుంది. అప్పుడు గోడ పగలగొట్టాల్సిందే.

టేపుకున్న పెద్ద లోపం, బిగించాక వెనక్కి తిప్పకూడదు. యాంగిల్ కాక్ నోరు పైకి ఉండాలి కదా. బిగువు వచ్చేసరికి అది కాస్త దాటిపోయిందనుకోండి, సరిచేద్దామని ఇటు తిప్పగానే టేపు తెగి లోపల దారి ఏర్పడుతుంది. అప్పుడు పూర్తిగా విప్పి, పాత టేపు తీసి, ఒకటి రెండు చుట్లు ఎక్కువో తక్కువో వేసి మళ్లీ బిగించడమే మార్గం.

నార ఇక్కడే నెగ్గుతుంది. సన్నని నార పోగులు మరల్లోకి చుట్టి పైన పేస్టు రాస్తే, దిశ సరిచేయడానికి కొద్దిగా, అంటే చుట్టులో ఎనిమిదో వంతు దాకా వెనక్కి తిప్పినా తట్టుకుంటుంది. తడి తగిలి ఉబ్బుతుంది కాబట్టి తుప్పు పట్టి గుంటలు పడిన పాత జీఐ ఇనుప పైపు మరల్లో టేపు నింపలేని సందుల్ని కూడా నింపుతుంది. గోడకే బిగించే పొడవాటి సింకు కాక్‌కూ నేను నారనే ఎంచుకుంటాను. దాని మూతిని రోజంతా అటూ ఇటూ తిప్పుతుంటారు, ఆ ఊపు గోడలోని జాయింటు దాకా వెళుతుంది. కానీ ఉబ్బే గుణం వల్లే ప్లాస్టిక్ మరలకు నార పనికిరాదు. నెలల తరబడి నీళ్లు రాని ఇంట్లో ఎండి ముడుచుకుపోయే ప్రమాదం కూడా ఉంది.

పైపు ఏది కొనాలన్నది నీటి ఒత్తిడిని బట్టి ఉంటుంది. సొంత ఇల్లు, మేడ మీద ట్యాంకు, చల్లని నీళ్లే అయితే దళసరి పీవీసీ కనెక్షన్ పైపు సరిపోతుంది. ట్యాంకులో నీటి మట్టం ట్యాపుకు పది మీటర్ల పైన ఉంటేనే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ఒక అంతస్తు ఇంట్లో అందులో సగం కూడా ఉండదు. ప్రెషర్ పంపు ఉన్న అపార్ట్‌మెంటులోనైనా, గీజరు లైనుకైనా స్టీలు అల్లిక పైపే తీసుకోండి. వేడికి పీవీసీ మెత్తబడి నట్టు దగ్గర జారుతుంది. స్టీలు అల్లిక పైపుకూ ఒక శత్రువు ఉంది: సింకు కింద మూత సరిగ్గా పెట్టని యాసిడ్, బ్లీచింగ్ సీసాలు. వాటి ఆవిరికి తీగలు తుప్పు పట్టి ఒక్కొక్కటే తెగుతాయి, తర్వాత లోపలి రబ్బరు గొట్టం ఉబ్బి పగులుతుంది. ఒక్క తీగ తెగినట్టు కనిపించినా పైపు మార్చేయాలి. కొనేటప్పుడు నట్టు ఇత్తడిదేనా అని చూడండి. పొడవు కాస్త వదులుగా, గుండ్రంగా వంగేలా ఉండాలి. బిగించేటప్పుడు రెండో చేత్తో పైపును పట్టుకోకపోతే నట్టుతోపాటు అదీ మెలి తిరుగుతుంది.

అన్నీ బిగించాక పరీక్ష ట్యాపు మూసి చేయాలి. నీళ్లు పారుతున్నప్పటికంటే ట్యాపు కట్టేసి, యాంగిల్ కాక్ తెరిచి ఉంచినప్పుడే జాయింట్ల మీద ఒత్తిడి ఎక్కువ. ముందు అన్నింటినీ పొడి గుడ్డతో తుడిచి, ప్రతి జాయింటుకూ ఒక టిష్యూ పేపరు చుట్టి గంటసేపు వదిలేయండి. నీరు కిందికి జారుతుంది కాబట్టి పై నుంచి మొదలుపెట్టి చూస్తే మొదట తడిసిన కాగితమే అసలు చోటు చెబుతుంది. మూడు జాయింట్ల కాగితాలూ పొడిగా ఉండి యాంగిల్ కాక్ పిడి మొదట్లో తడి కనిపిస్తే, అది కాక్ లోపలి ప్యాకింగ్ అరిగిన లక్షణం. దానికి టేపు, నార ఏవీ పనికిరావు, కాక్ లోపలి భాగమో కాక్ మొత్తమో మార్చాలి.