మనిషిని మార్చాక వెనక గోడ: కంటెంట్ అవేర్ ఫిల్లా, క్లోన్ స్టాంపా?

గ్రూప్ ఫొటోలో లావుపాటి మనిషి స్థానంలో సన్నటి మనిషిని పెడితే భుజాల పక్కన పాత మనిషి అంచులు మిగులుతాయి. వెనక గడ్డో, ఆకులో ఉంటే ఫొటోషాప్‌లో చుట్టుపక్కలది చూసి ఆ చోటును తనే నింపే Content-Aware Fill చాలు. కాకపోతే ఆకుపచ్చగా కనిపించే శాంప్లింగ్ ప్రాంతంలోంచి పక్కవాళ్లను బ్రష్‌తో చెరిపేయాలి. లేదంటే గడ్డిలో ఎవరిదో చెవి మొలుస్తుంది!

ఇటుక గోడైతే నా ఓటు ఒకచోటి భాగాన్ని ఇంకోచోట అచ్చు వేసే క్లోన్ స్టాంప్‌కే. ఫిల్ ఇటుక రంగు పట్టుకుంటుంది గానీ, సిమెంటు గీతలను తరచూ మధ్యలో విరిచేస్తుంది. కొత్త మనిషి లేయర్ కింద ఖాళీ లేయర్ తీసుకుని, Sample దగ్గర Current & Below పెట్టండి. రెండు గీతలు కలిసే మూల మీద Alt నొక్కి క్లిక్ చేసి, అదే వరుసలో అలాంటి మూల రావాల్సిన చోటే స్టాంప్ మొదలుపెడితే మిగతా గీతలు కుదురుతాయి. దూరం నుంచి తెచ్చిన ఇటుకకు వెలుతురు తేడా వచ్చి అతుకు తెలిసిపోతుంది. ఒకే మరక రెండుచోట్ల కనిపించినా దొరికిపోయినట్టే.