డయాలసిస్ మీద ఉన్న మగవాళ్లకు ఏది మేలు: మాత్రా, టెస్టోస్టెరాన్ ఇంజెక్షనా?

డయాలసిస్ టెక్నీషియన్‌గా నాకు తెలిసిన సంగతి ఒకటుంది. ఈ ప్రశ్న డాక్టర్ రౌండ్స్‌లో ఎవరూ అడగరు. ఆఖరి అరగంటలో, పక్క బెడ్ మనిషి నిద్రపోయాడని చూసుకుని, గొంతు తగ్గించి మమ్మల్ని అడుగుతారు.

ఉప్పల్ నుంచి సోమ, బుధ, శుక్రవారాల్లో వచ్చే ఒకాయనా అలాగే అడిగాడు. వయసు 47, షుగర్ వచ్చి పద్నాలుగేళ్లు, డయాలసిస్ మొదలై రెండేళ్లు. "తమ్మీ, మా దోస్తు ఏదో హార్మోన్ సూది వేయించుకున్నడట, మంచిగైందట. నాక్కూడా అదే మేలా? లేకుంటే ఆ నీలం గోలీనా?"

"అన్నా, నీకు పోయింది కోరికా, గట్టిదనమా?" అని తిరిగి అడిగాను. కాసేపు ఆలోచించి "రెండూ" అన్నాడు. ఏ మందు మేలో ఈ జవాబు మీదే ఆధారపడుతుంది, ఎందుకంటే మాత్ర చేసే పని వేరు, ఇంజెక్షన్ చేసే పని వేరు.

ఆ నీలం గోలీ, అంటే సిల్డెనాఫిల్ మాత్ర, కోరికను పుట్టించదు. మనసులో కోరిక కలిగి, నరాలు సంకేతం పంపినప్పుడు అంగంలోకి రక్తం ఎక్కువగా వచ్చి నిలిచేలా చేస్తుంది, అంతే. టెస్టోస్టెరాన్ ముఖ్యంగా కోరిక మీద పనిచేస్తుంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిని, రక్తనాళాల గోడల్లో క్యాల్షియం పేరుకున్న మనిషికి ఇంజెక్షన్ ఒక్కటే ఇస్తే కోరిక తిరిగి రావచ్చు, గట్టిదనం రాకపోవచ్చు. ఆ స్థితి మునుపటి కంటే ఎక్కువ బాధ పెడుతుందని ఇద్దరు ముగ్గురు నాతోనే అన్నారు.

అసలు కిడ్నీ పాడైతే ఇదంతా ఎందుకు జరగాలి? రక్తంలో మలినాలు పెరిగేకొద్దీ వృషణాల్లో టెస్టోస్టెరాన్ తయారీ తగ్గుతుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను బయటికి పంపే పనిలో కిడ్నీకీ భాగం ఉంది. అది పేరుకుంటే మెదడు నుంచి వృషణాలకు వెళ్లే ఆజ్ఞ బలహీనపడుతుంది. వీటికి రక్తహీనత, డయాలసిస్ రోజు సాయంత్రం కమ్ముకునే నిస్సత్తువ, ఆదాయం పోయిన దిగులు తోడవుతాయి. కిడ్నీ జబ్బున్న మగవాళ్లలో పదిమందికి సుమారు ఏడుగురికి అంగస్తంభన సమస్య ఉంటుందంటే ఆశ్చర్యం లేదు. ఆడవాళ్లలోనూ కోరిక తగ్గుతుంది, కాకపోతే వాళ్లను అడిగేవాళ్లు ఇంకా తక్కువ.

మా నెఫ్రాలజిస్ట్ ఆయనకు మాత్రా రాయలేదు, ఇంజెక్షనూ రాయలేదు. మందుల సంచీ మొత్తం బెడ్ మీద కుమ్మరించమన్నారు. వాంతి వచ్చినట్టుంటుందని రోజుకు మూడుసార్లు వేసుకునే డోంపెరిడోన్ కనిపించింది. అది ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. బీపీకి క్లోనిడిన్ ఉంది, అది అంగస్తంభనను దెబ్బతీయగలదు. పరీక్షల్లో హిమోగ్లోబిన్ 8.6, ప్రొలాక్టిన్ మామూలుకు రెండింతలు పైనే. ఉదయం పూట తీసిన రక్తంలో టెస్టోస్టెరాన్ 240. మగవాళ్లలో 300కు తగ్గితే తక్కువ కిందే లెక్క. అయినా ఒక్క రిపోర్ట్‌ను నమ్మకుండా ఇంకో రోజు ఉదయం మళ్లీ తీయించారు.

డోంపెరిడోన్ ఆపేశారు. క్లోనిడిన్‌ను ఒక్కసారిగా మానేస్తే బీపీ ఎగదన్నుతుంది కాబట్టి, డయాలసిస్ అయ్యాక ఉండాల్సిన బరువును, అంటే డ్రై వెయిట్‌ను, కిలోన్నర తగ్గించి, ఒంట్లో నీరు తగ్గాక మెల్లగా దించారు. ఎరిత్రోపొయెటిన్, ఐరన్ ఇంజెక్షన్లతో మూడు నెలల్లో హిమోగ్లోబిన్ 10.5కు చేరింది. అప్పటికి ఆయనే చెప్పాడు, కోరిక కొంత తిరిగి వచ్చిందని. గట్టిదనం మాత్రం రాలేదు.

ఇక్కడ మాత్ర వంతు వచ్చింది. కిడ్నీ పనిచేయని ఒంట్లో సిల్డెనాఫిల్ రక్తంలో దాదాపు రెండింతలు నిలుస్తుంది. డయాలసిస్ దాన్ని బయటికి తీయలేదు, ఎందుకంటే అది రక్తంలోని ప్రోటీన్లకు అతుక్కుని ఉంటుంది. అందుకే 25 మిల్లీగ్రాములతో మొదలు. వేసుకునేది డయాలసిస్ లేని రోజున, అంటే ఆయనకు మంగళ, గురు, శని, ఆదివారాల్లో. డయాలసిస్ రోజున నీరు తీసేసిన ఒంటికి బీపీ అప్పటికే దిగి ఉంటుంది, దాని మీద ఈ మాత్ర పడితే బాత్రూమ్‌లో కూలబడడమే.

మొదటిసారి పనిచేయలేదు. విచారిస్తే, బిర్యానీ తిని వెంటనే వేసుకున్నాడు. కొవ్వు ఎక్కువున్న భోజనం మీద మాత్ర ఆలస్యంగా ఎక్కుతుంది. పైగా రాత్రి వేసుకునే ప్రాజోసిన్ కూడా అదే సమయంలో పడి కళ్లు తిరిగాయి. బీపీకి ప్రాజోసిన్ వాడేవాళ్లు ఈ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఆయనకు దాని వేళ మార్చి, తేలికగా తిని, కలయికకు గంట ముందు మాత్ర వేసుకోమన్నారు. తర్వాతి ఆరుసార్లలో నాలుగుసార్లు ఫలితం కనిపించింది.

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు గానీ, నికోరాండిల్ గానీ వాడేవాళ్లకు ఈ మాత్ర పూర్తిగా నిషేధం. బీపీ ప్రాణం తీసేంతగా పడిపోతుంది. ఇదే కోవకు చెందిన టడలాఫిల్ సంగతి అడుగుతారు. అది ఒంట్లో చాలాసేపు ఉంటుంది. డయాలసిస్ వాళ్లకు గరిష్ఠంగా 5 మిల్లీగ్రాములు, అదీ 72 గంటలకు ఒక్కసారే. నా లెక్కలో వీళ్లకు సిల్డెనాఫిల్లే మేలు, తేడా వచ్చినా తొందరగా దిగిపోతుంది.

ఇక ఇంజెక్షన్. ఆయన రెండో రిపోర్ట్ 260. హిమోగ్లోబిన్ పెరిగి, డోంపెరిడోన్ ఆపాక మళ్లీ చూస్తే 310. అంటే ఇంజెక్షన్ అవసరమే తప్పింది. దోస్తు మాట విని మొదటి రోజే వేయించుకుని ఉంటే? టెస్టోస్టెరాన్ ఎర్రకణాలను పెంచుతుంది. అదే పని చేసే ఎరిత్రోపొయెటిన్ కూడా నడుస్తుంటే రక్తం చిక్కబడి, డయాలసిస్ సూదులు గుచ్చే చేతి ఫిస్టులాలో గడ్డ కట్టే భయం ఉంటుంది. నీరు పట్టడం ఒకటి. పిల్లలు కావాలనుకునేవాళ్లకైతే ఇది అసలే వద్దు, వీర్యకణాల తయారీ ఆగిపోతుంది. రెండుసార్లూ నిజంగా తక్కువ వచ్చి, ప్రొస్టేట్ చూసి, రక్తంలో ఎర్రకణాల వాటా చెప్పే హిమాటోక్రిట్‌ను క్రమం తప్పకుండా పరీక్షిస్తూ ఇస్తే ఉపయోగమే, కోరిక లేదన్న బాధ ప్రధానంగా ఉన్నవాళ్లకు మరీ.

నైట్రేట్లు వాడేవాళ్లకు వ్యాక్యూమ్ పంపు మిగులుతుంది. గాలి లాగి రక్తాన్ని రప్పించి, అంగం మొదలు దగ్గర రబ్బరు రింగ్ వేస్తారు. అరగంట దాటకుండా తీసేయాలి. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎక్కిన రోజున వాడితే చర్మం కమిలిపోతుంది. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంటుందని చాలామంది వద్దంటారు గానీ, కిడ్నీతో, నైట్రేట్లతో దీనికి పేచీ లేదు.

గోడల మీద ప్రకటనల్లో కనిపించే "మూలికల" గోలీల జోలికి మాత్రం పోవద్దు. అలాంటి వాటిలో ఎంత మోతాదో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపినవి చాలాసార్లు పట్టుబడ్డాయి. ఎంత పడుతోందో తెలియని చోట 25తో మొదలుపెట్టడమనే మాటే ఉండదు.

"మార్పిడి అయితే అన్నీ సర్దుకుంటాయా?" అని ఈమధ్య అడిగాడు. నిమ్స్‌లోని జీవన్‌దాన్ అవయవదాన పథకంలో పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నాడు. కొత్త కిడ్నీ పనిచేస్తే కొన్ని నెలల్లో హార్మోన్లు దారికొస్తాయి, కోరిక చాలామందిలో మెరుగవుతుంది. షుగర్ తినేసిన నరాలు, బిరుసెక్కిన నాళాలు మాత్రం తిరిగి రావు. కిడ్నీని పొత్తికడుపులోని ఏ నాళానికి కలుపుతారన్నదీ లెక్కలోకి వస్తుంది. అంగానికి రక్తం అందించేది లోపలి ఇలియాక్ నాళం, దాన్ని రెండు వైపులా వాడాల్సి వస్తే గట్టిదనం దెబ్బతినవచ్చు. రెండో మార్పిడికి వెళ్లేవాళ్లు సర్జన్‌ను ఈ ఒక్క ప్రశ్న ముందే అడగాలి. ఆయనకు ఇది మొదటిదే. అప్పటిదాకా మంగళవారం మాత్ర, బుధవారం పొద్దున బెడ్ ఎక్కగానే మాకు బీపీ చూసుకునే పని.