అద్దెకిచ్చిన బిల్డింగా, ఆఫీసు పెట్టుకున్న బిల్డింగా: లెక్కల్లో ఏది మేలు?

దుబాయ్‌లో ఒక కంపెనీ కోటి దిర్హాములకు బిల్డింగ్ కొన్నదనుకుందాం. లెక్క తేలికగా ఉండేందుకు భూమి విలువను పక్కన పెడదాం. బిల్డింగ్ ఆయుష్షు 50 ఏళ్లు. ఏడాది తిరిగేసరికి ధర 1.20 కోట్లయింది.

దాన్ని అద్దెకిచ్చి ఉంటే అది ఇన్వెస్ట్‌మెంట్ ప్రాపర్టీ, అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల్లో ఐఏఎస్ 40 కిందకు వస్తుంది. ఆస్తిని మార్కెట్ విలువకు మార్చి చూపే ఫెయిర్ వాల్యూ పద్ధతి ఎంచుకుంటే తరుగుదల ఉండదు. పెరిగిన 20 లక్షలూ ఆ ఏడాది లాభంలోనే కనపడతాయి, చేతికి ఒక్క దిర్హామ్ రాకపోయినా. రేపు ధర పడితే నష్టమూ అక్కడే తేలుతుంది.

అందులో సొంత ఆఫీసు పెట్టుకుంటే వర్తించేది ఐఏఎస్ 16. ముందుగా 2 లక్షల తరుగుదల ఖర్చు రాయాలి. మిగిలిన 98 లక్షలను రీవాల్యుయేషన్ పద్ధతిలో 1.20 కోట్లకు పెంచితే, ఆ 22 లక్షలు లాభంలోకి రావు. లాభంలో కలపకుండా విడిగా చూపే ఓసీఐ మీదుగా, వాటాదారుల నిధుల్లో ఉండే రీవాల్యుయేషన్ సర్‌ప్లస్‌లో చేరతాయి. తర్వాత బిల్డింగ్ అమ్మినా ఆ సర్‌ప్లస్ నేరుగా కూడబెట్టిన లాభాలైన రిటైన్డ్ ఎర్నింగ్స్‌కు పోతుందే తప్ప లాభనష్టాల ఖాతా గడప తొక్కదు. పైగా రెండో ఏడాది నుంచి తరుగుదల దాదాపు 2.45 లక్షలు. ఆస్తి విలువ పెరిగి లాభం తగ్గడమంటే ఇదే.

అందుకే లాభం తక్కువున్న ఏడాది, ‘ఆఫీసు ఖాళీ చేసి అద్దెకిచ్చేద్దాం’ అన్న ఆలోచన వస్తుంది. అది అంత తేలిక కాదు. మారిన రోజు వరకు పెరిగిన విలువ ఐఏఎస్ 16 ప్రకారం సర్‌ప్లస్‌లోకే వెళ్తుంది. ఆ తర్వాత పెరిగిందే లాభంలోకి వస్తుంది. అద్దెకివ్వాలన్న ఉద్దేశం ఒక్కటే చాలదు, వాడకం నిజంగా మారినట్టు ఆధారం ఉండాలి. ఆడిటర్ మొదట అడిగేది లీజు కాగితమే. కంపెనీ తానే నడిపే హోటల్ అయితే గదుల అద్దె వస్తున్నా అది సొంత వాడకం కిందే లెక్క.

హైదరాబాద్‌లో భారతీయ అకౌంటింగ్ ప్రమాణాలైన ఇండ్ ఏఎస్ పాటించే కంపెనీకి కథ తలకిందులు. ఇక్కడ ఇన్వెస్ట్‌మెంట్ ప్రాపర్టీకి, కొన్న ధరలోంచి తరుగుదల తీసేసి చూపే కాస్ట్ పద్ధతి ఒక్కటే. మార్కెట్ విలువ నోట్స్‌లో చూపాలి, ఖాతాలో పెంచకూడదు. సొంత ఆఫీసును మాత్రం రీవాల్యూ చేసుకోవచ్చు. ఈ తేడా తెలియకుండా దుబాయ్ కంపెనీ లాభాన్నీ హైదరాబాద్ కంపెనీ లాభాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ.

ఏది మేలంటే, వర్గీకరణ మన ఇష్టం కాదు, వాడకమే తేలుస్తుంది. మన చేతిలో ఉండేది పద్ధతి మాత్రమే. దుబాయ్ కంపెనీకైతే, అద్దె బిల్డింగులకు ఫెయిర్ వాల్యూ, సొంత ఆఫీసుకు కాస్ట్ పద్ధతి తీసుకోమంటాను. షేర్లు కొనేవాళ్లు మాత్రం మొదటి రకం కంపెనీ లాభంలోంచి ఆ 20 లక్షలు తీసేసి, డివిడెండ్‌కు నగదు ఎంత మిగిలిందో చూడాలి.