పాపకిచ్చిన తోలు గజ్జెలు: మూడేళ్ల తర్వాత

మా అక్క కూతురి కూచిపూడి రంగప్రవేశానికి నేను తోలుపట్టీ గజ్జెలు కొనిచ్చాను. చెన్నైలో కొన్నాను. కాలికి యాభై మువ్వలు, ఐదు వరుసలు, లోపలివైపు ఎర్ర మఖమల్ కింద మెత్తటి స్పాంజి. అంతకుముందు నూలు తాడుకు గుచ్చిన పాత గజ్జెలు కట్టుకుని దాని చీలమండలు ఒరుసుకుపోయేవి. కొత్తవి వేసుకున్న రోజు "పిన్నీ, అసలు నొప్పే లేదు" అంది. ఆ మెత్తదనం గురించి నేను ఎంతమందికి చెప్పానో లెక్క లేదు.

ఇప్పుడు ఆ మాట కొంచెం సవరించుకోవాలి.

నెల్లూరు టౌన్‌హాల్లో జరిగిన రంగప్రవేశం బాగా అయింది. రెండేళ్ల తర్వాత కావలిలో ఒక ప్రోగ్రామ్‌లో తరంగం చేస్తోంది. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, పాదాలతో పళ్లేన్ని ముందుకు జరుపుతోంది. ఉన్నట్టుండి పళ్లెం ఒక పక్కకు ఒరిగింది. పాప తూలి, సర్దుకుని కిందికి దిగేసి, మిగతా జతిని నేల మీదే పూర్తి చేసింది. ముందు వరుసలో కూర్చున్న నాకు చేతులు చల్లబడ్డాయి. పళ్లెం కింద ఒక మువ్వ పడి ఉంది. లోపలికెళ్లి లెక్కపెడితే ఎడమకాలి పట్టీలో మూడు లేవు. మిగతా రెండూ తెర పక్కన దొరికాయి. ఒట్టి పాదంతో గట్టిగా తట్టేటప్పుడు వాటి మీద కాలు పడుంటే ఏమయ్యేదో!

మర్నాడు ట్రంకురోడ్డు పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మఖమల్ విప్పి చూపించారు. వరుస మొత్తం ఒకే నూలు దారంతో కుట్టుకుంటూ పోయారు, మధ్యలో ఎక్కడా ముడి లేదు. "ఒక్కచోట తెగితే పక్కవన్నీ జారతాయమ్మా" అన్నారు. అసలు ఎందుకు తెగిందంటే చెమట. నేను అంతగా మెచ్చుకున్న ఆ స్పాంజే చెమటంతా పీల్చి పెట్టుకుంది. మన ఊళ్ల ఉక్కపోతకి అది తొందరగా ఆరదు. పైగా మేం ప్రోగ్రామ్ కాగానే తడితోనే ప్లాస్టిక్ కవర్లో చుట్టేసేవాళ్లం. దారం లోపలే కుళ్లిపోయింది. వేలితో లాగితే పీచులా వచ్చేసింది.

ఆయన వందకి వంద మువ్వలూ విప్పి, మైనం పట్టించిన నైలాన్ దారంతో ఒక్కోదాన్ని విడివిడిగా కుట్టి, దేనికి దానికి ముడి వేశారు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. మూడు వందలు అడిగారు, నేను ఐదు వందలిచ్చాను. అప్పట్నుంచి ఏడాదిగా ఒక్క మువ్వ కూడా కదల్లేదు. అందుకే ఈ గజ్జెల్లో ఇప్పుడు నాకు బాగా నచ్చేది ఏదంటే ఆ కుట్టే చెబుతాను, కొన్నప్పుడు లేనిది.

ఎవరికైనా కొనిచ్చేవాళ్లు షాపులోనే పట్టీని తలకిందులుగా పట్టుకుని, ఒక్కో మువ్వనీ మెల్లగా లాగి చూడండి. కుట్టు వదులైన మువ్వ పక్కకి వాలిపోతుంది. ఇంట్లో కూడా ప్రోగ్రామ్‌కి వారం ముందు మేం ఇప్పుడు ఇదే చేస్తున్నాం. ఆడాక పట్టీలు నీడన ఆరబెట్టి గుడ్డసంచిలో పెడుతున్నాం. ఇత్తడి కదా అని అక్క ఒకసారి చింతపండుతో తోమబోయింది, గురువుగారు "నీళ్లలో ముంచబాకమ్మా" అని ఆపారు. లోపల ఉండేది ఇనప గుండు. తుప్పు పడితే మోత మందగిస్తుంది.

నేను చేసిన ఇంకో తప్పు, రంగప్రవేశానికి సరిగ్గా పది రోజుల ముందు ఇవ్వడం. పాత గజ్జెలు కాలికి పాతికే. ఇవి రెట్టింపు బరువు కావడంతో మొదటి వారం వేగం పెరిగిన జతుల్లో అడుగు వెనకపడింది, పాపకి నిద్ర పట్టలేదు. కనీసం రెండు నెలల ముందు ఇచ్చుండాల్సింది. అలాగే గజ్జెపూజలో గురువుగారి చేతుల మీదుగా అందుకోవాలి కాబట్టి, ఎన్ని మువ్వలు కావాలో, తోలుపట్టీ ఒప్పుకుంటారో లేదో ముందే ఆయన్ని అడగాలి. కొందరు నూలు తాడువే కట్టమంటారు.

మా పాప ఏడాదికి మూడు నాలుగు ప్రోగ్రాములే చేస్తుంది, దానిది సున్నితమైన చర్మం. అందుకే మాకు ఇవే సరిపోయాయి. రోజూ గంటల తరబడి సాధన చేసే పిల్లకైతే నేను తాడు గజ్జెలే ఇస్తానేమో. మువ్వ ఊడితే ఇంట్లోనే మళ్లీ ముడి వేసుకోవచ్చు. పాప కూడా ఇప్పుడు సాధనకి ఆ పాతవే కట్టుకుంటోంది, కింద కాటన్ గుడ్డ చుట్టుకుని.